బ్రాగ్ పీకులు కనపడని నానో పౌడర్‌కి పీడీఎఫ్ చెయ్యడం ఎలా: 3 నానోమీటర్ల సీరియాతో మొదటి నుంచి చివరిదాకా

సీరియం ఆక్సైడ్ నానో పౌడర్ తయారు చేశారు, ల్యాబ్‌లో కాపర్ ట్యూబ్ మెషీన్ మీద ఎక్స్‌ఆర్‌డీ తీశారు, చూస్తే 28 డిగ్రీల దగ్గర ఒక పెద్ద గుట్ట, 47 దగ్గర ఇంకోటి, అంతే. ఇది అమార్ఫస్సా, నానోక్రిస్టలైనా అని గైడ్ అడుగుతారు. ఆ ప్యాటర్న్ చూసి జవాబు చెప్పడం కష్టం. కారణం షెర్రర్ లెక్కలోనే ఉంది: 3 నానోమీటర్ల క్రిస్టల్‌కి 28.5 దగ్గర ఉండే (111) పీక్ వెడల్పే దాదాపు 2.7 డిగ్రీలు వస్తుంది, పక్కన 33 దగ్గర ఉండాల్సిన (200) చిన్న పీక్ దాని వాలులో కలిసిపోతుంది. రీట్‌వెల్డ్ పెడితే ఏదో ఒక ఫిట్ వస్తుంది గానీ దాన్ని నమ్మడానికి అక్కడ సమాచారం చాలదు.

పెయిర్ డిస్ట్రిబ్యూషన్ ఫంక్షన్, అంటే పీడీఎఫ్, ఇక్కడ పనికొచ్చేది ఎందుకంటే అది పీకుల్నే కాకుండా వాటి మధ్య ఉన్న డిఫ్యూజ్ స్కాటరింగ్‌ని కూడా వాడుకుంటుంది. మొత్తం స్కాటరింగ్‌ని ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ చేస్తే ఏ దూరంలో ఎన్ని అణువుల జంటలున్నాయో చెప్పే గ్రాఫ్ వస్తుంది:

```
G(r) = (2/π) ∫ Q [S(Q) − 1] sin(Qr) dQ      (Qmin నుంచి Qmax వరకు)
Q = 4π sinθ / λ
```

సాఫ్ట్‌వేర్ బటన్ నొక్కితే G(r) రెండు నిమిషాల్లో వచ్చేస్తుంది, అసలు పని అది కాదు. వచ్చిన గ్రాఫ్‌లో ఏ పీక్ అణువులది, ఏ పీక్ లెక్క వల్ల పుట్టింది అని తేల్చుకోవడమే అసలు పని, ఈ గైడ్‌లో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నా.

ముందు కాగితం మీద: ఏ దూరాలు రావాలి?

డేటా తీసేముందే ఈ లెక్క వేసుకోండి, తర్వాత ప్రతి అడుగులో ఇదే మీకు కొలబద్ద. సీరియాది ఫ్లోరైట్ స్ట్రక్చర్, స్పేస్ గ్రూప్ Fm-3m, బల్క్‌లో a = 5.411 ఆంగ్‌స్ట్రామ్‌లు. దాన్నిబట్టి మొదటి సీరియం-ఆక్సిజన్ దూరం 2.34, ఆక్సిజన్-ఆక్సిజన్ 2.71, సీరియం-సీరియం 3.83, రెండో సీరియం-ఆక్సిజన్ 4.49, ఆ తర్వాత సీరియం-సీరియం 5.41. 2.34 కన్నా తక్కువ దూరంలో సీరియాలో ఏ జంటా లేదు, ఈ ముక్క బాగా గుర్తుపెట్టుకోండి.

ఇంకోటి కూడా చూడాలి. ఎక్స్-రేకి సీరియంలో 58 ఎలక్ట్రాన్లు, ఆక్సిజన్‌లో 8. ఆ వెయిట్‌లు వేసి చూస్తే మొత్తం సిగ్నల్‌లో సీరియం-సీరియం జంటలది దాదాపు 61 శాతం, సీరియం-ఆక్సిజన్‌ది 34 శాతం, ఆక్సిజన్-ఆక్సిజన్‌ది 5 శాతం. కాబట్టి ఎక్స్-రే పీడీఎఫ్‌లో 2.71 దగ్గర ఆక్సిజన్ జంటల పీక్ స్పష్టంగా కనపడాలని ఎదురుచూడకండి, ఆక్సిజన్ వేకెన్సీలు ఎన్ని ఉన్నాయో ఈ డేటా నుంచి చెప్తామని సినాప్సిస్‌లో అసలు రాయకండి, అది న్యూట్రాన్ డేటా చెయ్యాల్సిన పని.

ఏ మెషీన్, ఎంత Qmax

కాపర్ ట్యూబ్‌తో పీడీఎఫ్ కుదరదు, మీ మెషీన్ ఎంత మంచిదైనా సరే. 4π/λ లెక్క వేస్తే దానికి గరిష్ఠంగా వచ్చే Q 8 దరిదాపుల్లో ఉంటుంది. రియల్ స్పేస్‌లో రిజల్యూషన్ ఉజ్జాయింపుగా π/Qmax, అంటే 0.39 ఆంగ్‌స్ట్రామ్, దాంతో బాండ్ దూరాలు విడివిడిగా చూడలేం. మాలిబ్డినం ట్యూబ్‌తో 17 వరకు, సిల్వర్ ట్యూబ్‌తో 2θ 140 దాకా వెళ్తే 21 వరకు వెళ్లొచ్చు. సీరియాకి సిల్వర్ ట్యూబ్ పనికొస్తుంది, కాకపోతే ఎక్కువ Q దగ్గర సిగ్నల్ చాలా బలహీనం కాబట్టి రాత్రంతా, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు స్కాన్ నడపాలి, అదీ ఎక్కువ కోణాల దగ్గర ఎక్కువ సమయం ఇచ్చి.

సింక్రోట్రాన్ దొరికితే నిమిషాల్లో పని. జర్మనీలోని డెసీలో పెట్రా-3 మీద పి02.1 బీమ్‌లైన్ 60 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర నడుస్తుంది, బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ నడిపే ఇండియా-డెసీ ప్రోగ్రాం ద్వారా మనవాళ్లు పెట్రా-3 బీమ్‌లైన్లకి వెళ్లొస్తున్నారు, ప్రపోజల్ కాల్ ఉందేమో చూసుకోండి. 60 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ అంటే వేవ్‌లెంగ్త్ 0.2066 ఆంగ్‌స్ట్రామ్. 41 సెంటీమీటర్ల చదరపు ప్లేట్ డిటెక్టర్‌ని శాంపిల్‌కి 200 మిల్లీమీటర్ల దూరంలో, బీమ్ మధ్యలో పడేలా పెడితే అంచు దగ్గర Q 23.6 వస్తుంది, మూలల్లో 28 దాటుతుంది. మూలల్లో పూర్తి రింగు పడదు కాబట్టి అక్కడ నాయిస్ ఎక్కువ, దాన్ని లెక్కలో పెట్టుకోకుండా 23 వరకే నమ్మకంగా ఉందనుకోండి.

డేటా తీసేటప్పుడు మర్చిపోతే తిరిగి రానివి

పౌడర్‌ని 1 మిల్లీమీటర్ కాప్టన్ క్యాపిలరీలో నింపండి, గాజు క్యాపిలరీ వద్దు, ఎందుకంటే గాజుకి దాని సొంత పీడీఎఫ్ ఉంది, అది మీ శాంపిల్ మీద ఎక్కి కూర్చుంటుంది. కాప్టన్ కూడా స్కాటర్ చేస్తుంది కాబట్టి అదే బ్యాచ్ ఖాళీ క్యాపిలరీని అదే పొజిషన్‌లో, శాంపిల్‌కి ఇచ్చినంత సమయమే ఇచ్చి కొలవండి. టైమ్ అయిపోతోందని ఖాళీ క్యాపిలరీకి సగం టైమే ఇస్తే తీసివేతలో దాని నాయిస్ అంతా మీ డేటాలోకి వస్తుంది.

ఇక నికెల్ పౌడర్. ఇది చాలామంది వదిలేసేది, ఆనక బాధపడేది. బాగా క్రిస్టలైన్ అయిన నికెల్‌ని అదే సెటప్‌లో, డిటెక్టర్ ఒక్క మిల్లీమీటర్ కూడా కదపకుండా కొలవాలి. ఎందుకో ఫిట్టింగ్ దగ్గర చెప్తా, ఇప్పటికి కొలిచి పెట్టుకోండి చాలు.

ఇంకో సంగతి, సీరియం కె-ఎడ్జ్ 40.4 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గరుంది, 60 తో కొడితే సీరియం ఫ్లోరెసెన్స్ ఇస్తుంది, ప్లేట్ డిటెక్టర్ దాన్ని వేరు చెయ్యలేదు. అది అన్ని వైపులా సమానంగా పడే నున్నటి బ్యాక్‌గ్రౌండ్ కాబట్టి తర్వాత కరెక్షన్‌లో చాలావరకు పోతుంది, కాకపోతే నాయిస్ పెంచుతుంది, అందుకే ఎక్స్‌పోజర్ కాస్త ఎక్కువ ఇవ్వండి.

రింగుల నుంచి G(r) దాకా

2డీ ఇమేజ్‌ని pyFAI గానీ Dioptas గానీ వాడి 1డీ చెయ్యండి, బీమ్‌స్టాప్ నీడనీ డెడ్ పిక్సెల్స్‌నీ మాస్క్ చెయ్యడం మర్చిపోవద్దు, ఒక్క చెడ్డ పిక్సెల్ ఎక్కువ Q దగ్గరుంటే Q తో గుణించాక అదే పెద్ద స్పైక్ అవుతుంది. తర్వాత ఆ 1డీ డేటాని G(r) గా మార్చే PDFgetX3 కి ఇలాంటి కాన్ఫిగ్ ఫైల్ సరిపోతుంది:

```
[DEFAULT]
dataformat = QA
inputfile = ceria.chi
backgroundfile = kapton.chi
bgscale = 1.0
composition = CeO2
wavelength = 0.2066
qmin = 0.8
qmax = 22
qmaxinst = 23.5
rpoly = 0.9
rmin = 0
rmax = 50
rstep = 0.01
outputtype = iq, sq, fq, gr
```

```
pdfgetx3 -c ceria.cfg
```

ఇప్పుడు నేరుగా G(r) తెరవకుండా ముందు F(Q), అంటే పైన ఇంటెగ్రల్‌లో ఉన్న Q [S(Q) − 1], తెరవండి. అది Q పెరిగేకొద్దీ సున్నా చుట్టూ పైకీ కిందకీ సమానంగా ఊగుతూ సన్నబడాలి. చివర్లో మొత్తంగా పైకి లేచినా కిందకి వంగినా బ్యాక్‌గ్రౌండ్ స్కేల్ గానీ కంపోజిషన్ గానీ తప్పు ఉండొచ్చు. bgscale ఎక్కువైతే కాప్టన్ గుట్ట ఉండాల్సిన చోట తక్కువ Q దగ్గర గుంట పడుతుంది, దాన్ని 0.01 చొప్పున తగ్గిస్తూ చూడండి.

ఆ తర్వాత Qmax. F(Q) లో సిగ్నల్ కన్నా నాయిస్ ఎత్తు ఎక్కువైన చోట ఆపెయ్యాలి, అది 19 కావచ్చు 22 కావచ్చు. నాయిస్‌ని కూడా కలుపుకుని 28 దాకా లాగితే పీకులు సన్నగా అందంగా కనపడతాయి గానీ వాటి పక్కన అసలు లేని పీకులు కూడా పుట్టుకొస్తాయి.

rpoly గురించి ఒక్క మాట. PDFgetX3 నున్నటి బ్యాక్‌గ్రౌండ్ తేడాలన్నీ ఒక పాలినోమియల్‌తో సరిచేస్తుంది, ఎంత దూరం వరకు G(r) ని అది మార్చగలదో rpoly చెప్తుంది. 0.9 అంటే 0.9 ఆంగ్‌స్ట్రామ్ లోపలున్న చెత్తని అది మింగేస్తుంది, మన మొదటి బాండ్ 2.34 దగ్గరుంది కాబట్టి భయం లేదు. తక్కువ r దగ్గర గీతలు బాగా కనపడుతున్నాయని దీన్ని 2 దాకా పెంచితే గ్రాఫ్ శుభ్రంగా అయిపోతుంది, కానీ అప్పుడు అది మొదటి పీక్ ఎత్తుని కూడా తినడం మొదలుపెడుతుంది. చూడ్డానికి బాగుందని ఆ పని చెయ్యకండి. 1.2, 1.4 దాటాల్సి వస్తోందంటే తప్పు డేటాలో ఉంది, పాలినోమియల్‌లో కాదు.

ఏది అసలు పీక్, ఏది నకిలీ

ఇక్కడ కాస్త నిదానంగా చూద్దాం. ఇంటెగ్రల్‌ని అనంతం దాకా కాకుండా Qmax దగ్గర టక్కున ఆపేస్తాం కాబట్టి ప్రతి అసలు పీక్ పక్కనా అలలు పుడతాయి, వీటినే టెర్మినేషన్ రిపుల్స్ అంటారు. వీటి చోటు లెక్కగట్టొచ్చు: పీక్ నుంచి దాదాపు 7.7/Qmax దూరంలో రెండు వైపులా మొదటి చిన్న గుట్ట, ఆ తర్వాత 2π/Qmax కి ఒకటి చొప్పున.

మన సీరియాకి పెట్టి చూడండి. Qmax 20 అనుకుంటే 7.7/20 అంటే 0.39. సీరియం-ఆక్సిజన్ పీక్ 2.34 దగ్గరుంది కాబట్టి ఒక నకిలీ గుట్ట 1.95 దగ్గర, ఇంకోటి 2.73 దగ్గర వస్తాయి. ఆక్సిజన్-ఆక్సిజన్ దూరం ఎంత అనుకున్నాం? 2.71. అంటే ఆ గుట్టని చూసి "ఇదిగో ఆక్సిజన్ జంటల పీక్, కాగితం మీద వేసిన లెక్కతో సరిగ్గా సరిపోయింది" అని సంబరపడడానికి అన్నీ కలిసొచ్చాయి, అది దాదాపు పూర్తిగా రిపుల్ అయ్యుండొచ్చు కూడా.

తేల్చే పద్ధతి తేలిక. qmax మార్చి మూడుసార్లు నడపండి: 17, 20, 22. మూడు G(r) లనీ ఒకే గ్రాఫ్ మీద వెయ్యండి. అసలు పీక్ చోటు మారదు, కాస్త వెడల్పు మారుతుందంతే. నకిలీ పీక్ నడుస్తుంది: 17 దగ్గర 2.79, 20 దగ్గర 2.73, 22 దగ్గర 2.69. 1.95 దగ్గరున్నదీ అంతే, దానికైతే ఇంకో సాక్ష్యం కూడా అక్కర్లేదు, 2.34 లోపల అణువుల జంటే లేదు కదా. ఆ ప్రాంతంలో కనపడే అలల ఎత్తు ఎంతుందో కొలిచి పెట్టుకోండి. గ్రాఫ్‌లో ఇంకెక్కడైనా అంతే ఎత్తున్న కొత్త పీక్ కనపడితే దాని మీద వాదన కట్టకండి.

ఈ పరీక్ష పది నిమిషాల పని, చెయ్యకుండా ఫిట్టింగ్‌కి వెళ్లొద్దు. లార్చ్ ఫంక్షన్ లాంటి డ్యాంపింగ్ వేసి అలల్ని నున్నగా చెయ్యొచ్చు గానీ దాంతో పాటు అసలు పీకులూ వెడల్పవుతాయి, అలల్ని ఉంచేసి మోడల్‌ని కూడా అదే Qmax దగ్గర ఆపి పోల్చడమే మేలని నా అభిప్రాయం, మనం ఫిట్టింగ్‌కి వాడే PDFgui ఆ పని తనే చేస్తుంది.

కంటితో చదవడం

G(r) లో పీకులు ఎంత దూరం వరకు నడిచాయో చూడండి. అమార్ఫస్ పదార్థంలో అవి 10 ఆంగ్‌స్ట్రామ్‌ల చుట్టుపక్కలే ఆరిపోతాయి. మన పౌడర్‌లో 20 దాటి కూడా ఫ్లోరైట్ దూరాల దగ్గరే పీకులుంటే అది నానోక్రిస్టలైన్, గైడ్ అడిగిన ప్రశ్నకి జవాబు అక్కడే వచ్చేసింది.

కానీ పీకులు ఆగిన చోటే సైజు అనుకోకండి. గోళాకార కణానికి సిగ్నల్ ఇలా తగ్గుతుంది:

```
γ(r) = 1 − 1.5 (r/D) + 0.5 (r/D)³
```

D 30 ఆంగ్‌స్ట్రామ్‌లైతే 15 దగ్గరే 31 శాతం మిగులుతుంది, 22 దగ్గర 10 శాతం, 25 దగ్గర 4 శాతం. నాయిస్‌లో మీకు 22, 23 దగ్గరే అంతా అయిపోయినట్టు కనపడుతుంది, నిజానికి కణం 30.

ఫిట్టింగ్, నికెల్ ఎందుకు కొలిచామో

సిగ్నల్ తగ్గడానికి కణం సైజు ఒక్కటే కారణం కాదు. మెషీన్ రిజల్యూషన్ వల్ల కూడా తగ్గుతుంది, exp(−r²Qdamp²/2) లెక్కన. ప్లేట్ డిటెక్టర్ దగ్గరగా పెట్టినప్పుడు Qdamp 0.04 దరిదాపుల్లో రావడం మామూలే, అలాంటప్పుడు 22 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర మెషీన్ ఒక్కటే సిగ్నల్‌ని 68 శాతానికి తగ్గించేస్తుంది, 30 దగ్గర సగానికి తెస్తుంది. ఇది సున్నా అనుకుని ఫిట్ చేస్తే ఆ తగ్గుదల అంతా కణం నెత్తిన పడి సైజు తక్కువొస్తుంది. రెండింటినీ ఒకేసారి వదిలేస్తే ఒకదాని పని ఇంకోటి చేస్తూ ఫిట్ బాగానే ఉంటుంది, సైజు మాత్రం ఏదో ఒకటి వస్తుంది.

అందుకే ముందు PDFgui లో నికెల్ ఫిట్ చెయ్యండి. a 3.524 తో మొదలుపెట్టి, నికెల్ కణాలు పెద్దవి కాబట్టి సైజు పెట్టకుండా, స్కేల్, a, Uiso, delta2, Qdamp, Qbroad వదలండి. ఫిట్‌కీ డేటాకీ తేడా ఎంతో చెప్పే Rw 0.1 లోపు రావాలి. రాకపోతే క్యాలిబ్రేషన్ దగ్గరకి వెనక్కెళ్లండి, శాంపిల్ జోలికి పోవద్దు. వచ్చిన Qdamp, Qbroad విలువల్ని సీరియా ఫిట్‌లో పెట్టి లాక్ చేసెయ్యండి.

సీరియాకి Fm-3m మోడల్ తెచ్చి, రేంజ్ 1.5 నుంచి 30 వరకు పెట్టండి. వరస ముఖ్యం: మొదట స్కేల్, a మాత్రమే. తర్వాత సీరియం Uiso, ఆక్సిజన్ Uiso, రెండూ వేరువేరుగా. అవి నిలకడగా ఉన్నాక spdiameter ని 30 దగ్గర మొదలుపెట్టి వదలండి. చివర్లో delta2, దగ్గరి అణువులు కలిసి ఊగుతాయి కాబట్టి మొదటి పీక్ సన్నగా ఉండడానికి అదే కారణం, delta1 ని దాంతో పాటు వదలొద్దు, రెండూ ఒకే పని చేస్తాయి. మొత్తం ఆరు పారామీటర్లు. ఈ రేంజ్‌లో Qmax 22 తో నిజంగా స్వతంత్రమైన పాయింట్లు 28.5 × 22/π అంటే 200 దాకా ఉన్నాయి, ఇబ్బంది లేదు. rstep 0.01 పెట్టాం కాబట్టి ఫైల్‌లో వేల పాయింట్లున్నాయి అనుకుని పారామీటర్లు పెంచుకుంటూ పోవద్దు.

నానో కణాలకి Rw 0.15 నుంచి 0.25 మధ్య వస్తే బాగా ఫిట్ అయినట్టే. a విలువ 5.411 కన్నా కాస్త ఎక్కువ రావడం నానో సీరియాలో మామూలు. ఆక్సిజన్ Uiso మరీ పెద్దగా వస్తే అది వేడి వల్ల వచ్చిన కదలిక ఒక్కటే కాదు, ఆక్సిజన్లు చోటు తప్పి ఉన్నాయని సూచన, కాకపోతే ఎక్స్-రేకి ఆక్సిజన్ సరిగ్గా కనపడదు కాబట్టి ఆ సంఖ్య పక్కన ఎర్రర్ కూడా పెద్దదే ఉంటుంది, చూసి మాట్లాడాలి.

Rw కన్నా డిఫరెన్స్ కర్వ్ ఎక్కువ చెప్తుంది. ఇదే మోడల్‌ని 10 నుంచి 30 వరకు ఒకసారి, 1.5 నుంచి 10 వరకు ఇంకోసారి విడిగా ఫిట్ చేసి చూడండి. దూరంలో చక్కగా సరిపోయి, దగ్గర్లో మాత్రం సరిపోకపోతే, దగ్గర్లో స్కేల్ ఎక్కువొస్తే, కణాల లోపల ఫ్లోరైట్ ఉండి పైపొర గానీ పక్కన ఇంకో అమార్ఫస్ భాగం గానీ ఉందని అనుమానించాలి. రెండు చోట్లా సరిపోకపోతే మోడలే తప్పు. TEM లో 4 నానోమీటర్లు కనపడి ఇక్కడ 3 వస్తే గొడవ పడక్కర్లేదు, పీడీఎఫ్ చెప్పేది వరస తప్పకుండా ఉన్న భాగం పొడవు.

పీకులు 10 లోపే ఆరిపోతే

అప్పుడు మీ చేతిలో ఉన్నది నిజమైన అమార్ఫస్ పదార్థం, PDFgui లో యూనిట్ సెల్ పెట్టి దూరం వరకు ఫిట్ చెయ్యడంలో అర్థం లేదు. పీకుల దూరాలే చదవాలి. సిలికా గ్లాస్ దీనికి మంచి ఉదాహరణ: సిలికాన్-ఆక్సిజన్ 1.61, ఆక్సిజన్-ఆక్సిజన్ 2.63, సిలికాన్-సిలికాన్ 3.1 దరిదాపుల్లో. 2.63 ని 1.61 తో భాగిస్తే 1.633 వస్తుంది, అది సరిగ్గా టెట్రాహెడ్రన్ నిష్పత్తి. 3.1 నుంచి రెండు టెట్రాహెడ్రన్ల మధ్య కోణం 148 డిగ్రీల చుట్టుపక్కల వస్తుంది. ఏ క్రిస్టల్ మోడల్ లేకుండా రెండు భాగహారాలతో ఇంత చెప్పగలిగాం.

కోఆర్డినేషన్ నంబర్ కావాలంటే మాత్రం జాగ్రత్త. దానికి పీక్ కింద ఏరియా కావాలి, ఏరియాకి స్కేల్ కచ్చితంగా ఉండాలి, PDFgetX3 ఇచ్చే స్కేల్ అలాంటిది కాదు. ఆబ్సార్ప్షన్, కాంప్టన్ కరెక్షన్లు విడివిడిగా చేసే GudrunX లాంటిది వాడి, కొలిచిన డెన్సిటీ ఇవ్వండి. సిలికా గ్లాస్‌కి ఘన సెంటీమీటర్‌కి 2.20 గ్రాములు, అంటే ఘన ఆంగ్‌స్ట్రామ్‌కి 0.066 అణువులు. అప్పుడు మొదటి పీక్‌కి ముందు G(r) −0.83r అనే గీత వెంట దిగాలి, దిగలేదంటే నార్మలైజేషన్ ఇంకా కుదరలేదు, కోఆర్డినేషన్ నంబర్ రాయొద్దు.

పెద్ద మోడల్ కావాలంటే RMCProfile, fullrmc లాంటివి వేల అణువుల పెట్టెని డేటాకి సరిపోయేదాకా కదుపుతాయి. అవి ఇచ్చే పెట్టె డేటాకి సరిపోయే అనేక పెట్టెల్లో ఒకటి మాత్రమే. డెన్సిటీ, కనీస దూరాలు, బాండ్ కోణాల కట్టుబాట్లు పెట్టకపోతే సిలికాన్ చుట్టూ మూడు, ఐదు ఆక్సిజన్లున్న పెట్టె కూడా G(r) కి అచ్చంగా సరిపోతుంది. వేరువేరు మొదళ్ల నుంచి కొన్నిసార్లు నడిపి, అన్నిటిలో మారకుండా వచ్చిన విషయమే పేపర్‌లో రాయండి, దాంతో పాటు Qmin, Qmax, rpoly, Qdamp, ఫిట్ చేసిన r రేంజ్ కూడా రాయండి, అవి లేకుండా మీ G(r) ని ఇంకొకళ్లు మళ్లీ తెచ్చుకోలేరు.